కొత్త మాత్ర తెల్లగా ఉంది, పాత మాత్ర పచ్చబడింది: ఇందులో నకిలీ ఏది?

ప్రశ్న:

ఫార్మసీ చదివి మా బాబాయి గారి మందుల షాపులో పనిచేస్తున్నాను. లైసెన్సులో ఫార్మసిస్టుగా ఉన్నది నా పేరే. ఈ మధ్య ఒక కొత్త సప్లయరు వచ్చాడు. మా దగ్గర బాగా పోయే అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ 625 మాత్రలు, అదే కంపెనీవి, మా పాత స్టాకిస్టు ధర కంటే 30 శాతం తక్కువకి ఇచ్చాడు. ఎక్స్‌పైరీ కూడా చాలా దూరం ఉంది. బాబాయి ఒక్కసారే చాలా పెట్టెలు తీసుకున్నారు, కొన్ని అమ్మేశాం కూడా. సర్దుతుంటే పెట్టె మీద ఎక్స్‌పైరీ నెల ఒకటి, లోపలి స్ట్రిప్ మీద ఇంకొకటి కనిపించింది. స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు, మందు పేరు ఒకే సిరాతో ఒకేసారి అచ్చు వేసినట్టున్నాయి. మూడు పెట్టెలు స్కాన్ చేస్తే మూడింటికీ ఒకే సీరియల్ నంబరు వచ్చింది. బిల్లులో బ్యాచ్ నంబర్లే లేవు.

బాబాయికి చెబితే పాత స్టాకిస్టు దగ్గర కొన్న స్ట్రిప్ ఒకటి తీసి చూపించారు. అందులో మాత్రలు పసుపుపచ్చగా మారి గోధుమరంగు మచ్చలు వచ్చాయి. "చూడు, పాడైంది పాత సరుకే. కొత్తవి తెల్లగా నిగనిగలాడుతున్నాయి. మన దగ్గర బిల్లుంది, భయమేంటి" అన్నారు. సప్లయరు "తేడా అనుకుంటే వెనక్కి ఇచ్చేయండి, డబ్బులిచ్చేస్తా" అంటున్నాడు. ఈలోగా మాకు బాగా తెలిసిన ఒకాయన వచ్చి, కోర్సు మొత్తం వాడినా తగ్గలేదన్నారు. నాన్న పోయాక నన్ను చదివించింది బాబాయే. ఆయన మాట కాదనలేకపోతున్నాను, ఆ మందు చేతికి తీసుకుని ఇవ్వలేకపోతున్నాను. ఏం చేయాలి?

సమాధానం:

మీ బాబాయి గారు చూపించిన పచ్చబడ్డ స్ట్రిప్ మిమ్మల్ని అయోమయంలో పడేసినట్టుంది. ముందు దాన్ని పక్కన పెడదాం. మీ షాపులో ఇప్పుడు ఒకటి కాదు, రెండు సమస్యలున్నాయి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం కుదరదు.

ఈ 625 మాత్రలో అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు, క్లావులానిక్ యాసిడ్ 125 మిల్లీగ్రాములు ఉంటాయి. ఆ రెండోదానికి తేమ బద్ధశత్రువు. అందుకే నిజమైన కంపెనీలు ఈ మాత్రను మామూలు ప్లాస్టిక్ బ్లిస్టర్‌లో కాకుండా రెండు వైపులా అల్యూమినియం ఉండే స్ట్రిప్‌లోనో, తేమ పీల్చే పొట్లం పెట్టిన కవరులోనో ఇస్తాయి. స్ట్రిప్‌కి కంటికి కనిపించనంత చిల్లు పడినా, కత్తెరతో కత్తిరించేటప్పుడు మాత్ర ఉన్న గది అంచు తెగినా, వేడి తగిలే అరలో నెలల తరబడి ఉన్నా క్లావులానిక్ యాసిడ్ విరిగిపోతుంది. మాత్ర పచ్చబడుతుంది, గోధుమ మచ్చలు వస్తాయి. అంటే అది నిజమైన మందే, పాడైపోయిన మందు. దాన్నీ అమ్మకూడదు. కానీ మాత్ర పచ్చబడిందంటే అందులో ఒకప్పుడు అసలు మందు ఉందనడానికే ఎక్కువ అవకాశం. తెల్లగా మెరిసే మాత్ర గురించి ఆ మాట కూడా అనలేం. పిండి, సుద్ద కలిపి ఒత్తిన మాత్ర ఎన్నేళ్లయినా తెల్లగానే ఉంటుంది. కాబట్టి బాబాయి గారు చూపించిన రుజువు ఆయన అనుకున్న వైపుకి పనిచేయదు.

ఇక కొత్త సరుకు. మీకు కనిపించిన తేడాలన్నిటికీ ఒకే బరువు లేదు. దేనికెంత విలువ ఇవ్వాలో తెలిస్తే బాబాయి గారితో మాట్లాడటం కూడా తేలికవుతుంది.

ముందు అచ్చు సంగతి. మందు పేరు, కంపెనీ చిరునామా, హెచ్చరికలు ఇవన్నీ రేకు మీద ముందుగానే ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చవుతాయి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ మాత్రం ప్యాకింగ్ లైను మీద, ఆ రోజు ఆ బ్యాచ్ నడుస్తున్నప్పుడు విడిగా పడతాయి. అందుకే అసలు స్ట్రిప్‌లో ఆ రెండు అచ్చులూ వేర్వేరుగా కనిపిస్తాయి. బ్యాచ్ అంకెలు కొంచెం ఒక పక్కకి ఒరిగి ఉండొచ్చు, సిరా రంగు వేరుగా ఉండొచ్చు, కొన్నిసార్లు ఒత్తిన గుర్తులా వేలికి తగులుతాయి. నకిలీ వేసేవాడికి ప్యాకింగ్ లైను ఉండదు. ఒక అసలు స్ట్రిప్‌ని బ్యాచ్ నంబరుతో సహా స్కాన్ చేసి, మొత్తం ఒకేసారి అచ్చు కొడతాడు. మీరు గమనించింది ఇదే అయ్యుండొచ్చు. కానీ కొన్ని కంపెనీలు ఇప్పుడు అన్నీ కలిపి లైను మీదే అచ్చు వేసే యంత్రాలు వాడుతున్నాయి. కాబట్టి దీన్ని అనుమానంగానే లెక్కేయండి, తీర్పుగా కాదు. పాత స్టాకిస్టు దగ్గర కొన్న స్ట్రిప్‌ని పక్కన పెట్టి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి పోల్చండి. అదే కంపెనీ, అదే మందు, రెండూ రెండు పద్ధతుల్లో అచ్చయితే అనుమానం బలపడుతుంది. ఏటవాలు వెలుతురులో పాత అంకెల నీడలు, చుట్టూ అసహజమైన మెరుపు కనిపిస్తే అది మరో రకం మోసం: అసలు మందు కాలం తీరాక తేదీ తుడిచి కొత్తది వేయడం. స్పిరిట్ దూదితో రుద్దితే సిరా పోతుందా అని చూడమని కొందరు చెబుతుంటారు. అది నమ్మకండి. కొన్ని అసలు ప్యాకింగుల సిరా కూడా స్పిరిట్‌కి ఊడిపోతుంది. పైగా మీ చేతులతోనే ఆధారం చెరిపినవాళ్లవుతారు.

పెట్టె మీద ఒక నెల, స్ట్రిప్ మీద ఒక నెల ఉండటం ఇంతకంటే పెద్ద సంగతి. ఒకే బ్యాచ్‌కి ఒకే ఎక్స్‌పైరీ ఉంటుంది. నిజమైన ఫ్యాక్టరీలో కూడా పొరపాటు జరగొచ్చు, వేరే బ్యాచ్ పెట్టెల్లో స్ట్రిప్‌లు పడొచ్చు. అయితే అలాంటప్పుడు బ్యాచ్ నంబరు కూడా మారుతుంది. బ్యాచ్ ఒకటే అయి ఎక్స్‌పైరీ వేరైతే, అది ఫ్యాక్టరీ పొరపాటైనా సరే ఆ సరుకు అమ్మకానికి పనికిరాదు. కంపెనీయే వెనక్కి పిలిపించుకోవాల్సిన తప్పు అది. అంటే నకిలీనా కాదా అని తేలకముందే "అమ్మాలా వద్దా" అన్న ప్రశ్నకి జవాబు వచ్చేసింది. బాబాయి గారితో ముందుగా ఇదే చెప్పండి. ఇందులో ఆయన్నిగానీ సప్లయర్నిగానీ తప్పుపట్టే అవసరం లేదు.

మీరు రాసినవాటిలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది మాత్రం సీరియల్ నంబరు. పెట్టె మీదున్న చదరపు కోడ్‌ని స్కాన్ చేస్తే సాధారణంగా నాలుగు భాగాలు వస్తాయి. `(01)` తర్వాత ఉండేది ఆ ఉత్పత్తి నంబరు, `(17)` తర్వాత ఎక్స్‌పైరీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటుంది, `(10)` తర్వాత బ్యాచ్, `(21)` తర్వాత సీరియల్. మొదటి మూడూ ఒక బ్యాచ్‌లోని పెట్టెలన్నిటికీ ఒకటే కావాలి. నాలుగోది మాత్రం ప్రతి పెట్టెకీ వేరే కావాలి. మీకు ఒకేలా వచ్చింది నిజంగా `(21)` భాగమేనా, లేక `(01)` లేదా `(10)` చూసి పొరపడ్డారా అన్నది మరోసారి స్కాన్ చేసి తేల్చుకోండి. అన్ని కంపెనీలూ, అన్ని దేశాలూ ప్రతి పెట్టెకీ సీరియల్ వేయవు. పాత స్టాకిస్టు పెట్టెలు రెండు మూడు స్కాన్ చేస్తే ఈ కంపెనీ వేస్తుందో లేదో తెలిసిపోతుంది. వాటిలో సీరియల్ పెట్టె పెట్టెకీ మారుతూ, కొత్తవాటిలో మారకపోతే, ఒక అసలు పెట్టె కోడ్‌ని నకలు తీసి మిగతావాటి మీద కొట్టారని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు.

స్కాన్ చేస్తే ఏదో వివరం వచ్చిందంటే మందు అసలుదే అనుకునేవాళ్లు మన వృత్తిలోనే చాలామంది ఉన్నారు. 2023 అక్టోబరులో యూరప్‌లో ఒజెంపిక్ అనే షుగర్ జబ్బు ఇంజెక్షన్ పెన్నుల విషయంలో జరిగింది చూడండి. జర్మన్ లేబుళ్లతో ఉన్న నకిలీ పెన్నులు హోల్‌సేలర్ల దాకా వచ్చేశాయి. వాటి పెట్టెల మీదున్న బ్యాచ్ నంబర్లు, కోడ్‌లు, సీరియళ్లు అన్నీ నిజమైన పెట్టెల నుంచి తీసుకున్నవే. అక్కడి పద్ధతిలో ప్రతి సీరియల్నీ కేంద్ర జాబితాతో సరిచూస్తారు కాబట్టి, స్కాన్ చేసినప్పుడు అవి ఇక చెల్లని సీరియళ్లని తేలి గుట్టు బయటపడింది. సీరియల్ సరైనదేనా అన్నది ఒక ప్రశ్న. అది ఇంతకుముందే వాడేసిందా అన్నది రెండో ప్రశ్న. అలాంటి కేంద్ర జాబితా అందుబాటులో లేని చోట పెట్టెలను ఒకదానితో ఒకటి పోల్చడమే మనకున్న దారి, అది మీరు చేశారు. ఒక జాగ్రత్త కూడా చెబుతాను. కోడ్ స్కాన్ చేయగానే ఏదైనా వెబ్‌సైటు తెరుచుకుని "ఇది అసలు మందు" అని చూపిస్తే, ఆ చిరునామా కంపెనీదేనా అని చూడండి. కోడ్ అచ్చు వేసినవాడే సైటు కూడా పెట్టి ఉండొచ్చు.

ధర గురించి మీ బాబాయి గారికి మీకంటే, నాకంటే బాగా తెలుసు. ఆయనతో లెక్క వేయించండి. పాత స్టాకిస్టు మీకిచ్చే ధర 100 అనుకుందాం. అతని మార్జిన్ 10 అనుకుంటే, అతను కంపెనీ నుంచి 90కి కొంటాడు. అతను తన లాభం మొత్తం వదిలేసుకున్నా మీకు 90కే ఇవ్వగలడు. కంపెనీ పదికి రెండు ఉచితం అని స్కీము పెట్టిందనుకోండి, పది పెట్టెల డబ్బుకి పన్నెండు వస్తాయి, అప్పుడు 90కి కొనేది అతనికి ఒక్కోటి 75 పడుతుంది. మీకు వచ్చిన ధర 70. అంటే ఈ సప్లయరు కంపెనీ స్టాకిస్టు కొనే ధర కంటే కూడా తక్కువకి అమ్ముతున్నాడు. తక్కువ ధరకి నిజాయితీ గల కారణాలు లేకపోలేదు. ఎక్స్‌పైరీ దగ్గరపడితే సరుకు వదిలించుకుంటారు, కానీ మీ సరుకుకి అది చాలా దూరం ఉందన్నారు. కదలని మందైతే ధర తగ్గిస్తారు, ఇది చేతికందగానే అమ్ముడయ్యే మందు. ఇవి తీసేస్తే మిగిలేవి మూడు: ఆసుపత్రులకో ప్రభుత్వ కొనుగోళ్లకో చవకగా ఇచ్చిన సరుకు దారి మళ్లడం, దొంగ సరుకు, లేదా నకిలీ. మొదటిదైతే మందు అసలుదే కావచ్చు, కానీ ఏ గోదాములో ఏ వేడిలో ఎన్నాళ్లున్నదీ ఎవరికీ తెలియదు. తేమకి విరిగిపోయే ఈ మాత్ర విషయంలో అది చిన్న సంగతి కాదు. "ఎలా గిట్టుబాటవుతోంది నీకు?" అని బాబాయి గారు సప్లయర్ని అడగొచ్చు. నిజమైన వ్యాపారి దగ్గర దీనికి కాగితంతో జవాబు ఉంటుంది.

అలాగని తక్కువ ధర లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. తెలివైన నకిలీ వ్యాపారి రెండు మూడు శాతమే తగ్గిస్తాడు, లేదా అసలు ధరకే ఇచ్చి "మార్కెట్లో దొరకట్లేదు, నా దగ్గరే ఉంది" అంటాడు. కొరత ఉన్న మందుకి ధర పరీక్ష పనిచేయదు.

చివరకి అన్నీ వచ్చి ఆగేది సప్లయరు దగ్గరే. "బిల్లుంది" అన్న బాబాయి గారి ధైర్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బిల్లు ఉండటం వేరు, ఆ బిల్లు పట్టుకుని కంపెనీ దాకా నడవగలగడం వేరు. బ్యాచ్ నంబరు లేని బిల్లు మీ షాపులోని ఏ పెట్టెకీ చెందదు. రేపు మీరు దాన్ని చూపిస్తే సప్లయరు "నేనిచ్చిన పెట్టెలు ఇవి కావు" అని ఒక్క మాటతో తప్పుకుంటాడు. అతని లైసెన్సు జిరాక్సు ఉంటే సరిపోదు. ఆ నంబరు ఔషధ నియంత్రణ శాఖ జాబితాలో ఉందా, ఇంకా చెల్లుబాటులో ఉందా, అందులోని చిరునామా నుంచే సరుకు వచ్చిందా, డబ్బు వెళ్లిన బ్యాంకు ఖాతా పేరు ఆ సంస్థదేనా అని చూడాలి. ఖాతా ఎవరో వ్యక్తి పేరు మీదుంటే మిగతా కాగితాలు ఎంత బాగున్నా నేనైతే అక్కడే ఆగిపోతాను.

లైసెన్సున్న మనిషి నుంచి కొన్నా గొలుసులో ముందు ఒక్క లింకు తెగితే చాలు. 2012లో అమెరికాలో అవాస్టిన్ అనే క్యాన్సర్ ఇంజెక్షన్ నకిలీలు డాక్టర్ల క్లినిక్కుల దాకా చేరాయి. పరీక్షిస్తే అందులో అసలు మందే లేదు. ఆ సరుకు ఎన్నో దేశాల్లో మధ్యవర్తుల చేతులు మారి వచ్చింది. చేతులు మారిన ప్రతిచోటా ఒక బిల్లు పుట్టే ఉంటుంది. అక్కడ నకిలీని గుర్తుపట్టే ఆనవాలు ఎంత చిన్నదో చూడండి: అమెరికాలో అమ్మే అవాస్టిన్ మీద తయారీదారుగా జెనెన్‌టెక్ పేరు ఉంటుంది, నకిలీల మీద రోష్ అని ఉంది. రోష్ నిజమైన కంపెనీయే, జెనెన్‌టెక్ దాని చేతిలోనిదే. కాబట్టి పేరు చూసి అనుమానం రావడం కష్టం. "అసలు కంపెనీ పేరే ఉంది కదా" అనుకోకుండా "మనకు ఎప్పుడూ వచ్చే ప్యాకింగులో ఏ పేరు, ఏ చిరునామా ఉంటుంది" అని పోల్చాలి. మీ షాపులో బాగా పోయే మందులకి ఒక్కో ఖాళీ అసలు పెట్టె, లోపలి కాగితంతో సహా, పోల్చడానికి దాచుకునే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఈ ఉత్తరం చదివిన రోజే కొత్త సరుకంతా తీసి ఒక పెట్టెలో పెట్టి, టేపు వేసి, "అమ్మకూడదు" అని రాసి, తేదీ వేసి, మీరూ బాబాయి గారూ సంతకాలు చేయండి. కంప్యూటర్‌లో కూడా ఆ బ్యాచ్‌ని ఆపేయండి. లేకపోతే మీరు లేనప్పుడు కుర్రాడు అలవాటుగా తీసి ఇచ్చేస్తాడు. ఆ పెట్టెని లేబుల్ మీద రాసిన ఉష్ణోగ్రతలోనే ఉంచండి. నకిలీ అనుకుని ఎండలో గోడౌన్‌లో పడేస్తే, రేపు ల్యాబులో మందు తక్కువని తేలినప్పుడు "మీరే పాడుచేశారు" అంటారు. ఇప్పటిదాకా తెరిచినవి చాలు, మిగతా స్ట్రిప్‌లు తెరవకండి. నీళ్లలో వేసి కరుగుతుందా లేదా అని చూసే పరీక్షలు వద్దు. మందు లేని పిండి బిళ్ల కూడా చక్కగా కరుగుతుంది, కొన్ని అసలు మాత్రల పూత నీళ్లలో కరగకుండా ఉండేలాగే వేస్తారు. పెట్టె అన్ని వైపులా, స్ట్రిప్ రెండు వైపులా, స్కాన్ ఫలితాలు, బిల్లు, అన్నిటికీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

తర్వాత కంపెనీకి ఫోన్. నంబరు ఈ కొత్త పెట్టె మీది తీసుకోకండి, పాత స్టాకిస్టు సరుకు మీదో కంపెనీ సైటులోనో చూసి చేయండి. ఇక్కడ చాలామంది ఒకే ప్రశ్న అడిగి ఫోన్ పెట్టేస్తారు: "ఈ బ్యాచ్ మీదేనా?" నకిలీ వేసినవాడు నిజమైన బ్యాచ్ నంబరే కొట్టి ఉంటాడు కాబట్టి వాళ్లు "మాదే" అంటారు, మీరు నిజంగానే శాంతిస్తారు. ఆ బ్యాచ్‌కి తయారీ తేదీ, ఎక్స్‌పైరీ ఏమిటి, ఏ సైజు ప్యాకింగులో వేశారు, మా ప్రాంతానికి పంపారా, పంపితే ఈ సప్లయరు మీ అధీకృత స్టాకిస్టేనా అని అడగండి. ఏ బ్యాచ్ ఏ స్టాకిస్టుకి ఎంత వెళ్లిందో కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది. ఫోన్‌లో చెప్పిందాన్ని మెయిల్‌లో కూడా రాయించుకోండి.

ఇక మీ ముందున్న దారులు. సప్లయరు చెప్పినట్టు వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. బాబాయి గారికి నచ్చేది ఇదే, నాకు ఏమాత్రం నచ్చనిదీ ఇదే. మీ చేతిలోని ఆధారమంతా అనుమానితుడికే అప్పగించినట్టవుతుంది, వారంలో ఆ పెట్టెలు ఇంకో షాపు అరలో ఉంటాయి. మీరు అమ్మేసిన స్ట్రిప్‌లు మాత్రం జనం ఇళ్లలోనే ఉంటాయి. సప్లయరు ఇంత తేలిగ్గా డబ్బు వాపసు ఇస్తానంటున్నాడంటే అందుకు కారణం ఇదే కావచ్చు. ఎవరికీ చెప్పకుండా చెత్తలో పారేయడం ఇంకో దారి. అప్పుడు డబ్బూ పోతుంది, ఆధారమూ పోతుంది, ఏరుకున్నవాళ్లు మళ్లీ అమ్మే ప్రమాదమూ ఉంటుంది.

కంపెనీకి మాత్రమే చెప్పి ఊరుకోవచ్చు. వాళ్ల దగ్గర ప్రతి బ్యాచ్‌ నమూనాలూ దాచి ఉంటాయి, వాటితో మీ స్ట్రిప్‌ని పోల్చి ఖచ్చితంగా చెప్పగలరు. కానీ దానికి సమయం పట్టొచ్చు. బ్రాండు పేరు బయట పడకుండా చూసుకోవాలన్నది వాళ్ల తాపత్రయం. మనిషి వచ్చి సరుకంతా ఇమ్మంటే అంతా ఇవ్వకండి, ఇచ్చినదానికి రసీదు తీసుకోండి.

ఔషధ నియంత్రణ అధికారికి రాతపూర్వకంగా చెప్పడం మిగిలిన దారి. దీని పర్యవసానాలు దాచను. వాళ్లు వస్తారు, సరుకు స్వాధీనం చేసుకుంటారు, నమూనాలు ల్యాబుకి పంపుతారు, మీ కొనుగోలు రికార్డులన్నీ చూస్తారు. రికార్డుల్లో వేరే లోపాలుంటే అవీ బయటపడతాయి. కొన్నాళ్లు తిరుగుళ్లు తప్పవు. కానీ చాలా దేశాల చట్టాల్లో, తెలియక కొన్న దుకాణదారుకీ తెలిసి అమ్మిన దుకాణదారుకీ మధ్య పెద్ద గీత ఉంటుంది. మీరు తేడాలు చూసిన రోజున మీ షాపు ఆ గీత మీదకి వచ్చేసింది. ఆ తర్వాత అమ్మిన ప్రతి స్ట్రిప్ తెలిసి అమ్మిందే, అప్పుడు బిల్లు అడ్డురాదు. సీరియల్ నిజంగానే మూడింటికీ ఒకటే అని తేలితే, కంపెనీ జవాబు కోసం ఎదురుచూడకుండా అదే రోజు అధికారికి చెప్పడమే మేలని నా అభిప్రాయం. అలా కాకుండా ఎక్స్‌పైరీ తేడా ఒక్కటే మిగిలితే, సరుకు ఆపేసి, కంపెనీ జవాబు కోసం రెండు మూడు రోజులు ఆగడంలో తప్పులేదు.

బాబాయి గారు దేనికీ ఒప్పుకోకపోతే? ఆయన మిమ్మల్ని చదివించారు, ఆ గౌరవం తీసేయమని ఎవరూ అనరు. ఆయన్ని మోసగాడిగా కాక మోసపోయిన మనిషిగా చూస్తూ మాట్లాడండి, నిజానికి ఇప్పటివరకు ఆయన అదే. "బాబాయ్, కంపెనీకి ఫోన్ నేను చేస్తాను, మీరు పక్కన కూర్చోండి" అంటే ఆయనకి కూడా బయటపడే దారి దొరుకుతుంది. ఫిర్యాదు షాపు పేరు మీద ఆయన సంతకంతోనే వెళ్తే రేపు ఆయనకే రక్ష. అప్పటికీ కాదంటే, అమ్మనని మీరు చెప్పి, మీ పేరు మీదే అధికారికి రాయొచ్చు. ఇంట్లో మాటలు రావొచ్చు, కొన్నాళ్లు పలకరింపులు ఆగొచ్చు. ఉద్యోగం మానేయాలనుకుంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: ఇంటికెళ్లి కూర్చుంటే సరిపోదు. లైసెన్సులో మీ పేరున్నంతకాలం ఆ కౌంటర్ మీద జరిగే అమ్మకానికి మీరు జవాబుదారే. ఇకమీదట ఆ షాపులో ఫార్మసిస్టుని కానని లైసెన్సిచ్చిన కార్యాలయానికి రాసి, అందినట్టు రసీదు తీసుకున్నాకే మీకు విడుదల.

ఇక అమ్మేసిన స్ట్రిప్‌లు. ఇది ఏ దారి ఎంచుకున్నా ఆగకూడని పని. బిల్లుల్లోంచి ఎవరెవరికి వెళ్లాయో చూసి ఫోన్ చేయండి. "మందు ఆపేయండి" అని మాత్రం చెప్పకండి. ఇది ఇన్‌ఫెక్షన్ మందు, కోర్సు మధ్యలో ఖాళీ పడితే అదొక ప్రమాదం. "మీకిచ్చిన ప్యాకింగులో సందేహం వచ్చింది, అది తీసుకురండి, వేరేది ఉచితంగా ఇస్తాం, డాక్టరుకి ఒకసారి చెప్పండి" అనండి. వేరేది అంటే పాత స్టాకిస్టు నుంచి తెప్పించిన తాజా సరుకు, ఆ పచ్చబడ్డ అరలోది కాదు. కోర్సు పూర్తయినా తగ్గలేదన్న పెద్దమనిషిని ఈ రోజే డాక్టరు దగ్గరికి పంపండి. ఆయనకి తగ్గకపోవడం ఒక్కటే నకిలీకి రుజువు కాదు. వైరస్ జ్వరానికి ఈ మందు పనిచేయదు, మందుకి లొంగని క్రిములూ ఉంటాయి. కానీ ఆయన వాడిన స్ట్రిప్ బ్యాచ్ నంబరు, తేదీ, ఆయన చెప్పింది ఒక పుస్తకంలో రాసిపెట్టండి.

ఆ పుస్తకం ఎందుకంటే, ప్యాకింగు, ధర, సప్లయరు మూడూ పక్కాగా ఉన్నా దాటిపోయే ప్రమాదం ఒకటుంది. 2012 మొదట్లో లాహోర్‌లో గుండె జబ్బు రోగులకి ఇచ్చిన ఐసోసార్బైడ్ మాత్రల్లో, ఫ్యాక్టరీలోనే, పైరిమెథమిన్ అనే మలేరియా మందు పెద్ద మోతాదులో కలిసిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అది నకిలీ కాదు, అసలు కంపెనీ సరుకే, ఏ పెట్టె చూసినా ఏమీ తెలియదు. బయటపడింది రోగుల వల్ల: ఒకే చోట మందు తీసుకున్నవాళ్లలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్తస్రావం, చర్మం నల్లబడటం వరుసగా కనిపించాయి. కౌంటర్ దగ్గర నిలబడే మనకి అలాంటిది పట్టుకునే సాధనం ఒక్కటే, ఏ బ్యాచ్ వాడినవాళ్లు ఏమన్నారో రాసుకోవడం. ఒకే బ్యాచ్ మీద రెండు మూడు ఫిర్యాదులు కనబడితే దాన్ని కూడా పక్కన పెట్టి పైన చెప్పిన పద్ధతిలోనే కంపెనీకి, అధికారికి చెప్పాలి.

పాత స్టాకిస్టు దగ్గర కొన్న పచ్చబడ్డ స్ట్రిప్ సంగతి మర్చిపోలేదు. ఆ బ్యాచ్ స్ట్రిప్‌లన్నీ ఒకసారి చూడండి. పచ్చబడింది కత్తిరించిన స్ట్రిప్‌లలోనే అయితే తప్పు మీ కత్తెరది, ఇకమీదట ఈ మందుని గదుల మధ్య గీత దాటకుండా కోయండి, వీలైతే స్ట్రిప్ మొత్తమే ఇవ్వండి. మూసి ఉన్న స్ట్రిప్‌లలోనూ మచ్చలుంటే అర ఎక్కడుందో, దానికి ఎండ తగులుతోందో చూసి, ఆ స్టాకిస్టుకి బ్యాచ్ నంబరుతో రాసి ఇవ్వండి. కంపెనీ ఫోన్‌లో దొరికినప్పుడు ఈ బ్యాచ్ గురించి కూడా అడిగేయండి, ఒకే ఫోన్‌తో రెండు పనులూ అవుతాయి.